నష్టంలో ఉన్న షేర్లు అమ్మితే ట్యాక్స్ నిజంగా ఎంత మిగులుతుంది?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తాను, జీతం 20 లక్షల పైన. 2025-26లో షేర్లు అమ్మి షార్ట్ టర్మ్‌లో 1,80,000, లాంగ్ టర్మ్‌లో 2,10,000 లాభం బుక్ చేశాను. ఇంకా రెండు షేర్లు నష్టంలో ఉన్నాయి. ఒకటి ఏడు నెలల క్రితం 760 చొప్పున 500 కొన్నాను, ఇప్పుడు 540. ఇంకొకటి రెండున్నరేళ్ల క్రితం 420 చొప్పున 1,000 కొన్నాను, ఇప్పుడు 280. రెండూ ఉంచుకోవాలనే ఉంది. మార్చి లోపు అమ్మేసి వెంటనే మళ్లీ కొనేస్తే 2.5 లక్షల నష్టం మీద 20% లెక్కన 50 వేలు ట్యాక్స్ మిగులుతుందని ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు:

మీరు ఏమీ అమ్మకుండా ఊరుకున్నా ఈ లాభాల మీద కట్టాల్సిన ట్యాక్స్ మొత్తం 48,490 రూపాయలే. కట్టాల్సిందే అంతైతే 50 వేలు ఎక్కణ్ణుంచి మిగులుతాయి? సరిగ్గా చేస్తే మీకు ఈ ఏడాది మిగిలేది 33,930. అందుకు రెండో షేరును మొత్తం అమ్మనక్కర్లేదు, 608 చాలు. పైగా ఆ 33,930లో కొంత భాగం మిగిలినట్టు కాదు, వాయిదా పడినట్టు. ఒక్కొక్కటిగా చెప్తాను. సులువు కోసం ఏడు నెలల దాన్ని కొత్త షేరు అనీ, రెండున్నరేళ్ల దాన్ని పాత షేరు అనీ అంటాను.

ముందు ఏమీ చేయకపోతే ఎంతవుతుందో చూద్దాం. 2024 జులై 23 నుంచి లిస్టెడ్ షేర్ల మీద షార్ట్ టర్మ్ లాభానికి 20%, లాంగ్ టర్మ్ లాభానికి 12.5% రేటు నడుస్తోంది. లాంగ్ టర్మ్‌లో ఏడాదికి మొదటి 1,25,000 మీద ట్యాక్స్ లేదు. మీ షార్ట్ టర్మ్ లాభం 1,80,000 మీద 20% అంటే 36,000. లాంగ్ టర్మ్ 2,10,000లో 1,25,000 తీసేస్తే 85,000 మిగులుతుంది, దాని మీద 12.5% అంటే 10,625. రెండూ కలిపి 46,625. దీని మీద 4% సెస్ 1,865 కలిస్తే 48,490. మీ జీతాన్ని బట్టి సర్‌ఛార్జి రాదు కాబట్టి అంతే.

ఇప్పుడు నష్టాల సంగతి. మీ ఫ్రెండ్ రెండు నష్టాలనూ ఒకే గంపలో వేశాడు. చట్టం వాటిని వేరువేరుగా చూస్తుంది. పన్నెండు నెలలు లేదా అంతకన్నా తక్కువ కాలం ఉంచుకుని అమ్మిన షేరు మీద వచ్చింది షార్ట్ టర్మ్ నష్టం. దాన్ని షార్ట్ టర్మ్ లాభంలో నుంచీ తీసేయొచ్చు, లాంగ్ టర్మ్ లాభంలో నుంచీ తీసేయొచ్చు. పన్నెండు నెలలు దాటిన షేరు మీద వచ్చింది లాంగ్ టర్మ్ నష్టం. అది లాంగ్ టర్మ్ లాభంలో నుంచి మాత్రమే పోతుంది, షార్ట్ టర్మ్ జోలికి రాదు. జీతంలో నుంచి రెండూ పోవు.

కొత్త షేరు మీద మీ నష్టం షేరుకు 220, మొత్తం 1,10,000. ఇది షార్ట్ టర్మ్ నష్టం కాబట్టి నేరుగా 20% రేటు ఉన్న 1,80,000 లోంచి తీసేస్తాం. మిగిలేది 70,000. అంటే 1,10,000 మీద 20% ట్యాక్స్, దాని మీద సెస్ కలిపి 22,880 తగ్గింది. ఇక్కడి వరకు మీ ఫ్రెండ్ చెప్పింది కరెక్టే.

తేడా వచ్చేది పాత షేరు దగ్గర. వెయ్యి షేర్లూ అమ్మితే నష్టం 1,40,000. ఇది లాంగ్ టర్మ్ కాబట్టి 2,10,000 లోంచి పోతుంది, 70,000 మిగులుతుంది. కానీ 1,25,000 వరకు మీకు ఎలాగూ ట్యాక్స్ లేదు కదా! లాభాన్ని 1,25,000కి తీసుకొస్తే చాలు, దానికి 85,000 నష్టం సరిపోతుంది. ఆ పైన ఉన్న 55,000 నష్టం, ట్యాక్స్ పడని లాభాన్ని తగ్గించడానికి ఖర్చయిపోతుంది. బూడిదలో పోసిన పన్నీరే. "నేను 85,000 మాత్రమే వాడుకుంటాను, మిగతా 55,000 వచ్చే ఏడాదికి తీసుకెళ్తాను" అంటే కుదరదు. ఒక ఏడాదిలో బుక్ చేసిన నష్టాన్ని ముందు ఆ ఏడాది లాభంలోంచి పూర్తిగా తీసేయాలి, 1,25,000 మినహాయింపు ఆ తర్వాతే వస్తుంది. ఈ వరుస తెలియక నష్టాన్ని పారబోసుకున్నవాళ్లను ప్రతి జులైలో చూస్తూనే ఉంటాను.

కాబట్టి పాత షేర్లలో 608 అమ్మండి. షేరుకు 140 చొప్పున 85,120 నష్టం వస్తుంది. మీ లాంగ్ టర్మ్ లాభం 1,24,880కి దిగుతుంది, దాని మీద ట్యాక్స్ సున్నా. మిగులు 10,625, సెస్‌తో కలిపి 11,050. మిగతా 392 షేర్లను ముట్టుకోకండి. వాటిలో ఉన్న 54,880 నష్టం అమ్మనంత కాలం అలాగే దాగి ఉంటుంది, వచ్చే ఏడాది అవసరమైతే పనికొస్తుంది. ఈలోపు ధర పెరిగి ఆ నష్టమే లేకుండా పోతే ఇంకా మంచిది కదా.

ఇక్కడ ఒక్క మినహాయింపు ఉంది. ఈ ఏడాదే ఊళ్లో ఏదైనా ప్లాటో ఇల్లో అమ్మి లాంగ్ టర్మ్ లాభం వచ్చిందా? షేర్ల మీది లాంగ్ టర్మ్ నష్టాన్ని ఆ లాభంలోంచి కూడా తీసేయొచ్చు. ప్లాటు లాభానికి 1,25,000 మినహాయింపు లేదు కాబట్టి అప్పుడు వెయ్యి షేర్లూ అమ్మడంలో అర్థం ఉంటుంది.

రెండూ కలిపి 22,880, 11,050 అంటే 33,930. మీరు కట్టాల్సింది 48,490 నుంచి 14,560కి వస్తుంది. అమ్మి కొనడానికి అయ్యే ఖర్చు తీసేయాలి. మీరు అమ్మేది కొత్త షేరులో 2,70,000, పాత షేరులో 1,70,240, మొత్తం 4,40,240. డెలివరీ మీద ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను అమ్మేటప్పుడు 0.1%, కొనేటప్పుడు 0.1%, అంటే రెండువైపులా కలిపి దాదాపు 880. కొనేటప్పుడు స్టాంప్ డ్యూటీ 0.015%, అంటే 66. డీపీ ఛార్జీలు, ఎక్స్ఛేంజ్ ఛార్జీలు కలిపి వంద లోపే. మీ బ్రోకర్ డెలివరీకి బ్రోకరేజీ తీసుకోకపోతే ఇదంతా వెయ్యి, వెయ్యీ వంద మధ్య తేలిపోతుంది. శాతం లెక్కన బ్రోకరేజీ తీసుకునే పాత పద్ధతి అకౌంట్ అయితే మాత్రం ముందు ఆ లెక్క వేసుకోండి. ఇంకో సంగతి, ఎస్‌టీటీని లాభనష్టాల లెక్కలో ఖర్చుగా చూపించనివ్వరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అమ్మి మళ్లీ కొన్నారంటే మీ కొనుగోలు ధర కిందికి దిగింది. కొత్త షేరు 760 కాస్తా 540 అయింది. రెండేళ్ల తర్వాత అది 800కి వెళ్లిందనుకోండి. అమ్మకుండా ఉంచుకుని ఉంటే లాభం షేరుకు 40 మాత్రమే. ఇప్పుడు 260. అంటే ఈరోజు చూపించిన 1,10,000 నష్టం అప్పుడు 1,10,000 అదనపు లాభంగా తిరిగొస్తుంది. దాని మీద 12.5%, సెస్ కలిపి 14,300 కట్టాలి. ఈరోజు మిగిలింది 22,880, రేపు తిరిగిచ్చేది 14,300. నికరంగా మీకు దక్కింది 8,580. ఇది ఎలా దక్కిందో గమనించండి. నష్టాన్ని 20% రేటు దగ్గర వాడుకున్నారు, లాభాన్ని 12.5% రేటు దగ్గర కడుతున్నారు. ఆ 7.5% తేడాయే మీ సంపాదన. 14,300 మాత్రం రెండేళ్లు వడ్డీ లేకుండా మీ దగ్గర ఉన్న అప్పు లాంటిది.

ఆ రెండేళ్ల తర్వాత అమ్మేటప్పుడు ఆ ఏడాది మీకు వేరే లాంగ్ టర్మ్ లాభాలు లేవనుకోండి. అప్పుడు షేర్లను రెండు మూడు ఆర్థిక సంవత్సరాల్లో కొంచెం కొంచెంగా అమ్మి, ఏటా లాభం 1,25,000 దాటకుండా చూసుకుంటే ఆ 14,300 కూడా కట్టక్కర్లేదు. అలా అయితే 22,880 మొత్తం మీదే. కానీ మళ్లీ కొన్న ఏడాదిలోపే 800కి అమ్మేస్తే? అదనపు లాభం మీద 20% పడుతుంది. ఈరోజు మిగిల్చిన 22,880 అప్పుడు రూపాయి తగ్గకుండా వెనక్కి పోతుంది.

కొత్త షేరు విషయంలో ఇంకో కారణం వల్ల కూడా ఇప్పుడే అమ్మమంటాను. అది ఇంకో ఐదు నెలల్లో పన్నెండు నెలలు దాటుతుంది. దాటిన మరుక్షణం అదే 1,10,000 లాంగ్ టర్మ్ నష్టం అవుతుంది, షార్ట్ టర్మ్ లాభాన్ని తగ్గించే శక్తి పోతుంది. నష్టంలో ఉన్న షేరు పన్నెండో నెలకు దగ్గరవుతుంటే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి. లాభంలో ఉన్నదాన్ని ఏడాది దాటించాలని అందరికీ తెలుసు, నష్టంలో ఉన్నదానికి ఇది తలకిందులని చాలామందికి తట్టదు.

పాత షేరు దగ్గర కథ ఇంత తీపిగా లేదు. అక్కడ ఈరోజు మిగిలేదీ 12.5% దగ్గరే, రేపు కట్టేదీ 12.5% దగ్గరే. కాబట్టి అది దాదాపు పూర్తిగా వాయిదాయే. అంతేకాదు, ఒక చిక్కు కూడా ఉంది. మళ్లీ కొన్న రోజు నుంచి హోల్డింగ్ మొదటికొస్తుంది. రెండున్నరేళ్లుగా లాంగ్ టర్మ్‌లో ఉన్న 608 షేర్లు మరుసటి రోజు షార్ట్ టర్మ్ అయిపోతాయి. ఎనిమిది నెలల్లో ధర 400కి వెళ్లి, మీరు ఆశపడి అమ్మేశారనుకోండి. షేరుకు 120 లాభం, మొత్తం 72,960, దాని మీద 20%, సెస్ కలిపి 15,176 ట్యాక్స్. ముట్టుకోకుండా ఉంచి ఉంటే 420కి కొన్నది 400కి అమ్మినట్టు, ట్యాక్సే లేదు. 11,050 మిగుల్చుకోవడానికి 15,176 కట్టినట్టవుతుంది. అందుకే మళ్లీ కొన్న 608ని ఏడాది దాటే వరకు కదపను అనే నమ్మకం ఉంటేనే చేయండి. ఊగిసలాటలో ఉంటే కొత్త షేరుతో సరిపెట్టుకోండి, 22,880 చాలు.

"వెంటనే కొనేస్తే" అన్నారు, అక్కడ జాగ్రత్త. పొద్దున అమ్మి అదే రోజు అదే షేరు కొంటే అది ఇంట్రాడే అవుతుంది. మీ డీమ్యాట్ లోంచి ఒక్క షేరు కూడా బయటికి పోదు, కాబట్టి మీరు చూపించుకోవాలనుకున్న 1,10,000 నష్టం పుట్టనే పుట్టదు. పొద్దున ధరకూ సాయంత్రం ధరకూ ఉన్న తేడా మాత్రం స్పెక్యులేషన్ లాభమో నష్టమో అయి వేరే గొడవ మొదలవుతుంది. ఈరోజు అమ్మండి, రేపు కొనండి. రాత్రికి రాత్రి ధర రెండు మూడు శాతం ఎగరొచ్చు, ఆ రిస్క్ ఉంది. 2,70,000 మీద 3% అంటే 8,100, ఇందాక మనం చెప్పుకున్న నికర లాభం 8,580ని దాదాపు మింగేస్తుంది. అందుకే కంపెనీ రిజల్ట్స్ వచ్చే రోజుల్లో ఈ పని పెట్టుకోకండి. నేనైతే ఒకే రోజు రెండూ అమ్మను, ఒకదాని తర్వాత ఒకటి చేస్తాను.

అమెరికాలో లాగా ముప్పై రోజుల వరకు మళ్లీ కొనకూడదనే వాష్ సేల్ రూలు మన దగ్గర లేదు. ఇది చదువుతున్నవాళ్లలో అక్కడ ట్యాక్స్ కట్టేవాళ్లు ఉంటే మాత్రం, ఇక్కడి డీమ్యాట్‌లో ఉన్న షేర్లకూ అక్కడి రిటర్న్‌లో ఆ రూలే వర్తిస్తుంది. అమ్మడానికి ముందు ముప్పై రోజులు, తర్వాత ముప్పై రోజులు చూసుకోవాలి.

అమ్మే ముందు ఇంకొకటి తప్పకుండా చూసుకోవాలి, నేను స్వయంగా దెబ్బతిన్నాను కాబట్టి చెప్తున్నాను. చాలా ఏళ్ల కిందట నా దగ్గర ఒక షేరు రెండు విడతల్లో కొన్నవి ఉండేవి. మొదట 90కి 200, రెండేళ్ల తర్వాత 260కి 300. యాప్‌లో సగటు ధర 192 అని చూపించేది. మార్కెట్ ధర 170. షేరుకు 22 నష్టం కదా అని 200 అమ్మాను, 4,400 నష్టం వచ్చిందనే ధీమాతో. రిటర్న్ వేసేటప్పుడు ట్యాక్స్ రిపోర్ట్ తెరిచి చూస్తే నష్టం లేదు, 16,000 లాభం ఉంది! డీమ్యాట్‌లో ముందు కొన్నవి ముందు అమ్మినట్టే లెక్క. సగటు ధరతో ట్యాక్స్‌వాళ్లకు పనిలేదు. నేను అమ్మిన 200 ఆ 90 రూపాయల షేర్లన్నమాట. ఎర్రగా కనిపించినదల్లా నష్టం కాదని ఆరోజు తెలిసొచ్చింది.

మీరు చెప్పినదాన్ని బట్టి రెండూ ఒక్కొక్క విడతలోనే కొన్నారు, కాబట్టి ఇబ్బంది లేదు. అయినా బ్రోకర్ సైట్‌లో ట్యాక్స్ రిపోర్ట్ గానీ, విడతలవారీ వివరం గానీ తెరిచి కొన్న తేదీలు చూసుకోండి. విడతలు ఉన్నవాళ్లకు ఒక దారి ఉంది. ఈ ముందు-వెనుకల లెక్క ఏ డీమ్యాట్ అకౌంట్‌కు ఆ అకౌంట్‌కే వేస్తారు. మీకు రెండు అకౌంట్లు ఉండి, ఎక్కువ ధరకు కొన్నవి రెండోదాంట్లో ఉంటే అక్కణ్ణుంచి అమ్ముకోవచ్చు.

బోనస్ వచ్చిన షేరు కూడా తెర మీద మోసం చేస్తుంది. రికార్డ్ డేట్‌కు ముందు మూడు నెలల్లో కొని, బోనస్ షేర్లు చేతిలో ఉంచుకుని, పాతవాటిని రికార్డ్ డేట్ తర్వాత తొమ్మిది నెలల లోపు నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని లెక్కలోకి తీసుకోరు. అది బోనస్ షేర్ల కొనుగోలు ధరగా మారుతుంది. కంపెనీ రెండుగా విడిపోయే డీమెర్జర్‌లోనూ తెర మీది ధరను నమ్మలేం. 2023లో రిలయన్స్ నుంచి జియో ఫైనాన్షియల్ విడిపోయినప్పుడు రిలయన్స్ కొన్న ధరలో 4.68% కొత్త కంపెనీకి పోయింది. బ్రోకర్ యాప్ అలాంటి సర్దుబాటు చేయకపోతే లేని నష్టం ఉన్నట్టు కనిపిస్తుంది. మీ కొత్త షేరుకు ఈ ఏడు నెలల్లో ఇలాంటివి ఏమైనా జరిగాయేమో ఒకసారి చూసుకోండి.

లాభాల వైపు కూడా ఒకసారి సరిచూడండి. మీరు చెప్పిన 2,10,000లో ఈక్విటీ మ్యూచువల్ ఫండ్ రిడెంప్షన్లు కలిపారా? ఆ లాభమూ ఈ 1,25,000 మినహాయింపులోకే వస్తుంది. ఏప్రిల్‌లో అమ్మిన ఫండ్ మార్చికి గుర్తుండదు. లాభం ఇంకో 40,000 ఉందని తేలితే 608 షేర్లు చాలవు, ఇంకో 285 అమ్మాలి. మొత్తం ఏడాది లాభాలు చేతికొచ్చాకే ఎన్ని షేర్లు అమ్మాలో తేల్చండి, ముందు అమ్మేసి తర్వాత లెక్క చూడకండి. అలాగని మార్చి చివరి రోజు దాకా ఆగొద్దు. ఆఖరి వారంలో మార్కెట్ సెలవులు వస్తాయి, పైగా మీలాంటివాళ్లు అందరూ అప్పుడే అమ్ముతుంటారు.

రిటర్న్ విషయానికొస్తే మీరు ఐటీఆర్-2 వేయాలి. లాంగ్ టర్మ్ అమ్మకాలు షెడ్యూల్ 112A లోకి వెళ్తాయి, నష్టాన్ని కూడా అక్కడే చూపించాలి. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఏఐఎస్ అనే వార్షిక సమాచార నివేదికలో మీరు అమ్మిన విలువలు ముందే కనిపిస్తాయి, కానీ కొన్న ధర అక్కడ సరిగ్గా ఉండదు. బ్రోకర్ రిపోర్ట్‌తో పోల్చి వేసుకోండి. మీ లెక్కలో నష్టం మొత్తం ఈ ఏడాదే ఖర్చవుతోంది కాబట్టి ముందుకు తీసుకెళ్లేది ఏమీ లేదు. ఎవరికైనా నష్టం మిగిలితే దాన్ని ఎనిమిదేళ్లు వాడుకోవచ్చు, కానీ రిటర్న్ గడువు తేదీలోపు వేస్తేనే. గడువు దాటితే అదే ఏడాది సర్దుబాటు మాత్రం ఉంటుంది, మిగిలిన నష్టం పోయినట్టే.

ఇక మీరు కట్టాల్సిన 14,560 మామూలుగా జీతం టీడీఎస్‌లో కట్ కాదు. టీడీఎస్ పోగా కట్టాల్సింది 10,000 దాటింది కాబట్టి దాన్ని అడ్వాన్స్ ట్యాక్స్‌గా మార్చి 15 లోపు ఆన్‌లైన్‌లో కట్టేయండి, లేకపోతే జులైలో వడ్డీతో కట్టాలి. మార్చి 15 విడత తేదీ దాటకముందే ఈ అమ్మకాలు ముగిస్తే ఎంత కట్టాలో కూడా అప్పటికే తేలిపోతుంది. ఈ ఆర్థిక సంవత్సరం కింద కట్టేటప్పుడు చలానాలో అసెస్‌మెంట్ ఇయర్ 2026-27 అని ఎంచుకోండి, 2025-26 కాదు. పోయినేడాది మా బంధువు ఒకాయన ఇలాగే తప్పు ఏడాది ఎంచుకుని, ఆ డబ్బును సరైన ఏడాదికి మార్పించుకునే సరికి తల ప్రాణం తోకకొచ్చింది.